కింద ఎంత తాడుంటే అంత వేగం

ఎత్తైన హాలు ఒకటి ఊహించుకోండి. పైకప్పు కొక్కేనికి పది మీటర్ల బరువైన తాడు కట్టి ఉంది. దాని కింది కొస నేలకు కాస్త పైన ఊరికే వేలాడుతోంది. ఒకరు ఆ కొసను పట్టుకుని పక్కకు ఒక్కసారి విదిలించి వదిలేస్తారు. తాడులో చిన్న వంపు పుట్టి పైకి పాకడం మొదలవుతుంది. సరిగ్గా అదే క్షణంలో మరొకరు పైకప్పు దగ్గర నుంచి ఒక రాయిని కిందికి వదులుతారు. వంపు పైకి చేరడం ముందా, రాయి కిందికి చేరడం ముందా? రెండూ దారిలో ఎక్కడ ఎదురవుతాయి?

ఈ ప్రశ్నలో తాడు దేనితో చేసిందో చెప్పలేదు. అది కొబ్బరి పీచుదో, నైలానుదో, ఇనుప గొలుసో తెలియదు. మీటరుకు ఎంత బరువో కూడా తెలియదు. అయినా జవాబు చెప్పడానికి కావలసినదంతా మన చేతిలో ఉంది. అదెలాగో తెలిస్తే వేలాడే తాడులో అల ఎలా నడుస్తుందో మొత్తం తెలిసినట్టే.

అల వేగాన్ని నిర్ణయించేవి రెండు

తాడులో పైకి వెళ్ళేది వంపు మాత్రమే, తాడు కాదు. తాడులోని ప్రతి ముక్కా పక్కకు జరిగి మళ్ళీ తన చోటికి వచ్చేస్తుంది. తన కదలికను పై ముక్కకు అందిస్తుంది. అలా అందించడం ఎంత చురుగ్గా జరుగుతుందన్నదే అల వేగం.

దాన్ని లెక్కకట్టడానికి ఒక చక్కని దారి ఉంది. మనమూ ఆ వంపుతో పాటు అదే వేగంతో పైకి వెళుతున్నామనుకుందాం. అప్పుడు మన కళ్ళకు వంపు కదలకుండా నిలిచి ఉంటుంది. తాడే ఎదురుగా వచ్చి, ఆ వంపులో మలుపు తిరిగి, కిందికి జారిపోతున్నట్టు కనిపిస్తుంది. వేగంగా వచ్చే ఏ వస్తువైనా మలుపు తిరగాలంటే దాన్ని లోపలివైపుకు లాగే బలం కావాలి. ఇక్కడ ఆ బలాన్ని ఇచ్చేది తాడులోని బిగువు. ఇంటర్ పుస్తకాల్లో దీన్నే తన్యత అంటారు. బిగువు ఎక్కువైతే లాగే బలం పెరుగుతుంది, ఎక్కువ వేగంతో మలుపు తిరగవచ్చు. తాడు బరువైనదైతే తిప్పడం కష్టం, వేగం తగ్గుతుంది.

ఈ లెక్కలో మలుపు ఎంత వంకరగా ఉందన్నది రెండు వైపులా సమానంగా వచ్చి కొట్టేసుకుపోతుంది. అందుకే చిన్న వంపుల విషయంలో వాటి ఆకారం ఏదైనా వేగం ఒక్కటే. చివరికి మిగిలేది ఇంతే: వేగం వర్గం అంటే బిగువును మీటరు తాడు ద్రవ్యరాశితో భాగించగా వచ్చినది.

v² = T/μ

ఇందులో v అల వేగం, T బిగువు, μ మీటరు పొడవు తాడు ద్రవ్యరాశి. బిగువు నాలుగింతలైతే వేగం రెండింతలవుతుంది. వీణ మీద బిరడ తిప్పితే తీగ బిగిసి శ్రుతి పెరగడానికి కారణం కూడా ఇదే సూత్రం. అయితే వీణ తీగలో బిగువు ఈ చివర నుంచి ఆ చివర దాకా దాదాపు ఒకటే. వేలాడే తాడు సంగతి వేరు.

బరువు ఎక్కడికి పోయింది?

వేలాడే తాడును ఎవరూ కింది నుంచి లాగడం లేదు. దాని బిగువంతా దాని సొంత బరువే. తాడు మీద ఏదో ఒక చోట వేలు పెట్టి చూపిద్దాం. అక్కడి తాడు ఏం మోస్తోంది? దాని కింద వేలాడే భాగాన్ని మోస్తోంది, అంతే. పైన ఉన్న భాగంతో దానికి పని లేదు. కాబట్టి కింది కొస దగ్గర బిగువు సున్నా. కొక్కెం దగ్గర మొత్తం తాడు బరువంత బిగువు. మధ్యలో సరిగ్గా సగం.

ఇప్పుడు ఈ రెండు సంగతులనూ కలిపి చూద్దాం. ఒక చోట బిగువు అంటే దాని కింద వేలాడే తాడు బరువు. అంటే మీటరు తాడు ద్రవ్యరాశిని, కింద ఉన్న పొడవుతో, భూమ్యాకర్షణ విలువ gతో గుణించాలి. వేగం కోసం దీన్ని మళ్ళీ మీటరు ద్రవ్యరాశితోనే భాగించాలి. గుణించినదీ భాగించినదీ ఒకటే గనుక అది పూర్తిగా కొట్టేసుకుపోతుంది. కింది కొస నుంచి ఎత్తును y అంటే మిగిలేది ఇది:

v² = g·y

తాడు బరువుగా ఉంటే అల మందగిస్తుంది, నిజమే. కానీ అదే బరువు తాడును అంతే ఎక్కువగా బిగిస్తుంది కూడా. ఒకటి తగ్గించిన వేగాన్ని రెండోది సరిగ్గా పూడ్చేస్తుంది. అందుకే కొబ్బరి తాడైనా, ఇనుప గొలుసైనా, కింది కొస నుంచి ఒకే ఎత్తులో అల వేగం ఒకటే. ఒక చోట వేగం ఎంతో తెలియాలంటే ఆ చోటు కింద ఎంత తాడు ఉందో కొలిస్తే చాలు.

మన పది మీటర్ల తాడుకు అంకెలు వేద్దాం. g విలువ 9.8 అనుకుంటే, కింది కొస నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో అల సెకనుకు దాదాపు 1 మీటరు వేగంతో పోతుంది. రెండున్నర మీటర్ల ఎత్తులో అది సెకనుకు సుమారు 5 మీటర్లు. సగం ఎత్తులో 7 మీటర్లు. కొక్కెం దగ్గర 9.9 మీటర్లు, అంటే గంటకు దాదాపు 36 కిలోమీటర్లు.

అల పైకి పడుతుంది

వేగం వర్గం ఎత్తుకు అనుపాతంలో ఉందన్న ఆ చిన్న సమీకరణాన్ని ఇంకాస్త పరిశీలిస్తే మరో సంగతి బయటపడుతుంది. నిశ్చల స్థితి నుంచి బయలుదేరి స్థిరమైన త్వరణంతో పరుగెత్తే వస్తువుకు, వేగం వర్గం అంటే త్వరణానికి రెండింతలను దూరంతో గుణించినది. పదో తరగతి దాటిన చాలామందికి ఇది గుర్తుండే సూత్రమే. దాన్ని మన సమీకరణం పక్కన పెడితే, అల త్వరణం g లో సరిగ్గా సగం అని తేలుతుంది. అది సెకను సెకనుకూ 4.9 మీటర్ల చొప్పున వేగం పుంజుకుంటూ పైకి పోతుంది. ఆ పెరుగుదల కింది నుంచి పైదాకా ఒకే తీరు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. భూమ్యాకర్షణ లాగేది కిందికి. అల వేగం పుంజుకునేది పైకి. దీనిలో విరోధం లేదు. అల ఒక వస్తువు కాదు, దాన్ని భూమి పట్టి లాగడం లేదు. భూమి లాగేది తాడును. ఆ లాగుడు తాడును పైకి పోయేకొద్దీ మరింత బిగిస్తుంది, ఆ బిగువే అలకు దారి సుగమం చేస్తుంది. అందుకే పై నుంచి కిందికి పంపిన అల, రాయిలా వేగం పెంచుకోదు. పైన సెకనుకు 9.9 మీటర్లతో బయలుదేరి, అదే 4.9 చొప్పున వేగం కోల్పోతూ, కింది కొస చేరేసరికి దాదాపు ఆగిపోతుంది.

త్వరణం స్థిరం గనుక ప్రయాణ కాలం లెక్క చాలా తేలిక. వేగం సున్నా నుంచి 9.9 దాకా కాలంతో పాటు సమానంగా పెరుగుతుంది కాబట్టి సగటు వేగం అందులో సగం, అంటే 4.95. పది మీటర్లను దానితో భాగిస్తే సుమారు 2.02 సెకన్లు. సూత్రంగా రాస్తే t = 2√(L/g), ఇక్కడ L తాడు పొడవు.

విద్యార్థులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. తాడు మధ్యలో బిగువు సగటు బిగువు కదా అని, అక్కడి వేగం 7 మీటర్లతో పొడవును భాగిస్తారు. 1.43 సెకన్లు వస్తుంది. అది తప్పు. కారణం ఏమిటంటే అల కింది భాగంలో నెమ్మదిగా కదులుతూ ఎక్కువసేపు గడుపుతుంది, పై భాగాన్ని తొందరగా దాటేస్తుంది. మధ్య బిందువు వేగం ఈ తేడాను లెక్కలోకి తీసుకోదు. 2016 జేఈఈ మెయిన్‌లో 20 మీటర్ల తాడుతో, g విలువ 10 అనుకుని ఇదే ప్రశ్న అడిగారు. సరైన జవాబు 2√2 సెకన్లు. మధ్య వేగంతో భాగించినవారికి సరిగ్గా 2 సెకన్లు వస్తుంది. గుండు అంకె కాబట్టి నమ్మబుద్ధేస్తుంది కూడా.

అల ఎక్కడ ఎంతసేపు గడుపుతుందో చూడాలంటే ఆ రెండు సెకన్లను నాలుగు సమాన భాగాలు చేయండి. ఒక్కో భాగం అర సెకను. మొదటి అర సెకనులో అల దాదాపు 63 సెంటీమీటర్లు ఎక్కుతుంది. రెండోదానిలో మీటరూ 88 సెంటీమీటర్లు, మూడోదానిలో 3 మీటర్లకు పైన, నాలుగోదానిలో 4 మీటర్లకు పైన ఎక్కుతుంది. ఈ దూరాల నిష్పత్తి 1, 3, 5, 7. పడే వస్తువులకు గెలీలియో చెప్పిన బేసి సంఖ్యల వరుస ఇదే. మొదటి రెండు భాగాలూ కలిపితే రెండున్నర మీటర్లు, అంటే తాడులో కింది పావు భాగం. ప్రయాణ కాలంలో సగం ఆ పావు భాగానికే ఖర్చయిపోతుంది. మిగిలిన ముప్పావు భాగం మిగతా సగం కాలంలో పూర్తవుతుంది. ఈ పావు, సగం లెక్క ఏ పొడవు తాడుకైనా వర్తిస్తుంది. కాసేపట్లో దీనితో మనకు పని పడుతుంది.

ఇక రాయి. అది g త్వరణంతో పడుతుంది, అల అందులో సగంతో లేస్తుంది. ఒకే కాలంలో రాయి దాటే దూరం అల దాటేదానికి రెండింతలు. కాబట్టి తాడును మూడు భాగాలు చేస్తే రాయి రెండు, అల ఒకటి దాటినప్పుడు ఎదురుపడతాయి. అది కింది నుంచి మూడో వంతు ఎత్తు. మన తాడులో 3.33 మీటర్ల దగ్గర, 1.17 సెకన్ల తర్వాత. రాయి 1.43 సెకన్లకు కింది కొసను దాటిపోతుంది. అలకు ఇంకా అర సెకనుకు పైగా ప్రయాణం మిగిలి ఉంటుంది. మధ్య వేగంతో చేసిన తప్పు లెక్క ఇచ్చిన 1.43 సెకన్లు నిజానికి రాయి పడే కాలమే.

రాయినీ అలనూ రెండింటినీ పైనుంచే వదిలితే కథ మారుతుంది. అల 9.9 మీటర్ల వేగంతో ముందుకు దూసుకుపోతుంది, రాయి సున్నా నుంచి మొదలవుతుంది. కానీ అల మందగిస్తూ ఉంటే రాయి వేగం పెంచుకుంటుంది. తాడు పొడవును తొమ్మిది భాగాలు చేస్తే, ఎనిమిది భాగాలు దిగాక రాయి అలను దాటేస్తుంది. ఈ భిన్నాలు తాడు పొడవును బట్టి మారవు. g కూడా రెంటికీ ఉమ్మడి కాబట్టి చంద్రుడి మీదైనా అవే భిన్నాలు. అక్కడ ఆకర్షణ భూమి మీదదానిలో ఆరో వంతు గనుక కాలాలు మాత్రం రెండున్నర రెట్ల దాకా సాగుతాయి.

కింద బరువు కడితే

కింది కొసకు ఏదైనా బరువు వేలాడదీస్తే కొత్త సూత్రం వెతుక్కోనక్కర్లేదు. ఆ బరువును ఊహలో తాడుగా మార్చేస్తే సరిపోతుంది. మన తాడు బరువు 3 కిలోలు అనుకుందాం. దాని కొసకు 3 కిలోల రాయి కడితే, కింద మరో పది మీటర్ల కనిపించని తాడు వేలాడుతున్నట్టే. నిజమైన తాడు ఆ ఇరవై మీటర్ల తాడులో పై సగం. కాబట్టి అల ఇక సున్నా నుంచి మొదలవదు. కొస దగ్గరే సెకనుకు 9.9 మీటర్ల వేగంతో బయలుదేరి, పైన 14 మీటర్లకు చేరుతుంది. మొత్తం ప్రయాణం 0.84 సెకన్లలో ముగుస్తుంది.

30 కిలోల బరువు కడితే కనిపించని తాడు పొడవు 100 మీటర్లు. దానితో పోలిస్తే మన పది మీటర్లు ఎంత? వేగం అడుగున 31 మీటర్ల పైచిలుకు, పైన 33 దాటదు. తాడు సొంత బరువును పూర్తిగా మరిచిపోయి లెక్క కట్టినా రెండు మూడు శాతానికి మించి తేడా రాదు. పాఠ్యపుస్తకాల్లో దారానికి బరువు లేదనుకోమని చెప్పే సందర్భం ఇదే. కట్టిన బరువు తాడు బరువుకు ఎన్నో రెట్లు ఉన్నప్పుడు మాత్రమే ఆ మాట చెల్లుతుంది.

ఆశ్చర్యం కలిగించేది చిన్న బరువుల సంగతి. తాడు పురి విప్పుకోకుండా కొసన ముడి వేస్తాం. ఆ ముడిలో 20 సెంటీమీటర్ల తాడు పోయిందనుకుందాం. పది మీటర్లలో అది రెండు శాతం. బిగువు పైన ఎక్కడా మారలేదు, ఎందుకంటే మొత్తం బరువు మారలేదు. కానీ అల ప్రయాణ కాలం 2.02 నుంచి 1.73 సెకన్లకు పడిపోతుంది. పద్నాలుగు శాతం తగ్గుదల! ముడి వేయడంతో తాడులో అన్నిటికన్నా నెమ్మదైన చివరి 20 సెంటీమీటర్లు దారి నుంచి తప్పుకున్నాయి. ఆ కాస్త దూరానికే అల 0.29 సెకన్లు తీసుకునేది.

ఇంట్లో చేసి చూస్తే

మూడు మీటర్ల గొలుసు, స్లో మోషన్ వీడియో తీసే ఫోను ఉంటే దీన్ని ఎవరైనా కొలవవచ్చు. తాడు కన్నా గొలుసు మేలు. మందమైన తాడుకు సొంత పెడసరం ఉంటుంది, వంచితే ఎదురు తిరుగుతుంది. కింది కొస దగ్గర బిగువు దాదాపు లేదు కాబట్టి అక్కడ ఆ పెడసరానిదే పైచేయి అవుతుంది, అల లెక్క కన్నా వేగంగా పోతుంది. గొలుసు కడియాలు స్వేచ్ఛగా తిరుగుతాయి కనుక ఆ బెడద తక్కువ. మూడు మీటర్లకు లెక్క ప్రకారం 1.11 సెకన్లు రావాలి. సెకనుకు 240 ఫ్రేములు తీసే కెమెరాలో అది దాదాపు 266 ఫ్రేములు.

కొలిచినది లెక్క కన్నా తక్కువ వస్తే మొదట అనుమానించాల్సింది చేతినే. విదిలించేటప్పుడు తెలియకుండా కిందికి లాగుతాం, ఆపైన కొసను వదలకుండా పట్టుకునే ఉంటాం. ఆ లాగుడంతా గొలుసుకు కట్టిన అదనపు బరువు కిందే లెక్క. అది జరిగిందో లేదో తేల్చడానికి పావు, సగం నియమం పనికొస్తుంది. కింది నుంచి పావు పొడవు దగ్గర, అంటే 75 సెంటీమీటర్ల ఎత్తులో, ఒక రంగు గుర్తు పెట్టండి. అల ఆ గుర్తును మొత్తం కాలంలో సగానికి దాటితే కొస నిజంగా ఖాళీగా ఉన్నట్టు. అంతకన్నా ముందే దాటిందంటే కింద ఏదో అదనపు బిగువు ఉంది. కేవలం మొత్తం కాలాన్ని చూస్తే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, గుర్తు దగ్గరి కాలం చూస్తే తెలుస్తుంది.

వంపు ఆకారం కూడా గమనించదగినది. తాడులో ఏ చోటైనా వంపు దాటిపోవడానికి పట్టే సమయం ఒకటే. కానీ పైన వేగం ఎక్కువ కనుక అక్కడ వంపు పొడవుగా సాగుతుంది, కింద కురచగా ముడుచుకుంటుంది. దానితో పాటు ఎత్తూ మారుతుంది. అల మోసే శక్తి పోకుండా ఉండాలంటే, వేగం తగ్గిన చోట ఊపు పెరగాలి. లెక్క ప్రకారం ఎత్తు వందో వంతుకు పడితే ఊపు మూడింతలకు పైగా పెరుగుతుంది. మన పది మీటర్ల తాడులో పైన అర మీటరు పొడవు, ఒక సెంటీమీటరు ఊపు ఉన్న వంపును కిందికి పంపితే, కొసకు 10 సెంటీమీటర్ల పైన అది 5 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల ఊపు ఉన్న గట్టి మెలికవుతుంది. ఇంత నిటారైన వంపుకు మనం వాడిన చిన్న వంపుల సూత్రం వర్తించదు. కింది కొస పటుక్కున ఎగిరిపడుతుంది, ఆ కాసేపు జరిగేది వేరే లెక్క. పై నుంచి పంపిన చిన్న కుదుపుకు కొస అంత చురుగ్గా విసురుకోవడానికి కారణం ఇదే. అక్కడి నుంచి అల అదే వైపుకు తిరిగి పైకి వస్తుంది. కొక్కెం దగ్గర మాత్రం తాడు కదలలేదు కాబట్టి, అక్కడ తిరిగే అల కుడి వంపైతే ఎడమ వంపుగా మారి కిందికి దిగుతుంది.

బెర్నూలీ చూసిన గొలుసు

వేలాడే గొలుసు గణితజ్ఞులకు పాత పరిచయమే. స్విస్ శాస్త్రవేత్త డేనియల్ బెర్నూలీ రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో పనిచేసిన రోజుల్లో, నిలువుగా వేలాడే గొలుసు ఎలా ఊగుతుందో లెక్కకట్టాడు. ఆ వ్యాసం 1738లో అచ్చయింది. ఆయన అడిగింది ఒంటరి అల గురించి కాదు. గొలుసు మొత్తం ఒకే లయలో ఊగితే దాని ఆకారం ఏమిటి, ఊపుకు ఎంత కాలం పడుతుంది అని.

జవాబుగా ఆయనకు దొరికింది ఒక అనంత శ్రేణి. వీణ తీగ ఊపులకు సైన్ వక్రం సరిపోతుంది, ఎందుకంటే దానిలో అల వేగం అంతటా ఒకటే. గొలుసులో వేగం ఎత్తుతో మారుతుంది గనుక సైన్ వక్రం సరిపోలేదు. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ బెసెల్ గ్రహాల గమనం మీద పనిచేస్తూ ఆ జాతి ప్రమేయాలన్నిటినీ క్రమంలో పెట్టాడు. నేడు వాటిని బెసెల్ ప్రమేయాలంటారు. డోలు చర్మం కంపించే తీరు చెప్పేదీ అవే ప్రమేయాలు.

బెర్నూలీ లెక్క మన తాడుకు ఏం చెబుతుందో చూద్దాం. పది మీటర్ల తాడు మొత్తంగా ఒక వైపుకు, మరో వైపుకు నెమ్మదిగా ఊగితే ఒక ఊపుకు 5.28 సెకన్లు పడుతుంది. అదే పొడవు దారానికి గుండు కట్టిన లోలకానికి 6.35 సెకన్లు కావాలి. తాడు బరువు కొసన కాక పొడవునా పరుచుకుని ఉంది కాబట్టి దాని ఊపు త్వరగా ముగుస్తుంది. రెండో రకం ఊపులో తాడు మీద ఒక చోటు కదలకుండా నిలిచిపోతుంది, దాని పైభాగం ఒక వైపుకు పోతే కిందిభాగం మరో వైపుకు పోతుంది. ఆ నిలిచిన చోటు ఎక్కడో ఊహించండి. అది మధ్యలో లేదు. కింది కొస నుంచి 19 శాతం ఎత్తులో, మన తాడులో 1.9 మీటర్ల దగ్గర ఉంది. కింద అల నెమ్మది కాబట్టి వంపులు అక్కడే ఇరుకుగా సర్దుకుంటాయి. ఒంటరి వంపు కింద కురచగా ముడుచుకోవడానికీ దీనికీ మూలం ఒకటే.

గడియారంతో పొడవు కొలవడం

సూత్రాన్ని తిప్పి రాస్తే తాడు పొడవును కాలంతో కొలవవచ్చు. అల పైకి పోయి తిరిగి కిందికి రావడానికి పట్టిన సెకన్లను వర్గం చేసి, gతో గుణించి, 16తో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. మన తాడుకు ఆ కాలం 4.04 సెకన్లు, లెక్క వేస్తే పది మీటర్లే వస్తుంది. పైకప్పు ఎక్కనక్కర్లేదు, తాడు బరువు తూచనక్కర్లేదు.

ఇదే ఉపాయాన్ని కరెంటు తీగలు బిగించేవారు నిజంగా వాడతారు. రెండు స్తంభాల మధ్య తీగ ఎంత కిందికి వంగి ఉందో వారికి కచ్చితంగా తెలియాలి. మరీ వంగితే నేలకు దగ్గరవుతుంది, మరీ బిగిస్తే చలికాలంలో కుంచించుకుని తెగే ప్రమాదం ఉంది. కరెంటు ఇవ్వక ముందు, తీగను బిగించే దశలో, స్తంభం దగ్గర దాన్ని ఒకసారి కుదిపి స్టాప్‌వాచ్ నొక్కుతారు. కుదుపు అవతలి స్తంభం దాకా పోయి తిరిగి వచ్చినప్పుడు చేతికి తెలుస్తుంది. ఒక్క రాకపోకను కొలిస్తే చేతి ఆలస్యం వల్ల తప్పు పెద్దదవుతుంది కాబట్టి మూడు రాకపోకలు లెక్కించి మూడుతో భాగిస్తారు. ఒక రాకపోకకు 4 సెకన్లు పట్టిందంటే, దాని వర్గాన్ని gతో గుణించి 32తో భాగిస్తే 4.9 మీటర్లు. తీగ మధ్యలో వంపు లోతు అదే.

ఈ సూత్రంలో తీగ బరువు లేదు, స్తంభాల మధ్య దూరం కూడా లేదు. బరువు ఎందుకు లేదో మనకు ఇప్పటికే తెలుసు. తీగను కిందికి వంచేదీ దాని సొంత బరువే, అలను మందగింపజేసేదీ అదే. దూరం సంగతీ అలాంటిదే: స్తంభాలు దూరమైతే అల ప్రయాణమూ పెరుగుతుంది, వంపూ పెరుగుతుంది, ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. అయితే దీనికీ ఒక హద్దు ఉంది. స్తంభాల దూరంతో పోలిస్తే వంపు కొద్దిదై ఉండాలి, అప్పుడే తీగలో బిగువు అంతటా దాదాపు సమానం. వంపు లోతు పెరిగేకొద్దీ తీగ చివరలు నిలువుకు దగ్గరవుతాయి, స్తంభాల దగ్గర బిగువు మధ్యలో కన్నా స్పష్టంగా ఎక్కువవుతుంది. అప్పుడు 32తో భాగించే ఈ సులువు లెక్క పనికిరాదు. అల దాటే ప్రతి చోటా బిగువు ఎంతో విడివిడిగా చూసి, అక్కడక్కడి కాలాలను కూడుకుంటూ పోవాలి.